లాగ్‌బుక్కు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి జోరుగా రావడానికి ఇంకా పది రోజులు. కోల్డ్ స్టోరేజీలో నైట్ సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో రాజేశ్వర్ దగ్గర ఇద్దరి కాగితాలే మిగిలాయి.

సమ్మయ్యది నర్సంపేట దగ్గర ఊరు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పద్దెనిమిదేళ్లు చేశాడు. ఇరవై ఎనిమిది వేలు అడిగాడు. స్వప్న పరకాల అమ్మాయి, పాలిటెక్నిక్ అయిపోయి ఏడాది కూడా కాలేదు. పద్నాలుగు వేలిస్తే చాలంది.

"ఆ పిల్లనే తీసుకో, సగానికి సగం మిగులుతుంది" అని ఓనర్ పొద్దున్నే ఫోన్‌లో చెప్పేశాడు.

రాజేశ్వర్‌కీ ఆమెనే తీసుకోవాలనిపించింది, కానీ జీతం గురించి కాదు. బయట కూర్చున్న అరగంటలో ఆమె టేబుల్ మీది లాగ్‌బుక్కు తిరగేసింది. లోపలికి రాగానే అడిగింది.

"సార్, నెల రోజులుగా రెండు గంటలకోసారి టెంపరేచర్ 5.0 అనే ఉంది. బస్తాలు దింపేటప్పుడు తలుపు తీస్తారు కదా, అప్పుడైనా కొంచెం పెరగాలి కదా?"

ప్రతి పేజీ కింద ఉన్నది రాజేశ్వర్ సంతకమే. ఏం చెప్పాలో తోచక నీళ్లు తాగాడు.

ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. రాత్రి రెండింటికి కూలింగ్ పైపుల్లోంచి అమ్మోనియా గ్యాస్ లీకైతే ముందు ఏం చేస్తారు?

"వాల్వ్ మూసేస్తాను, 101 కి ఫోన్ చేస్తాను సార్" అంది స్వప్న. తప్పేం లేదు.

సమ్మయ్య కాసేపు మాట్లాడలేదు.

"ముందు గాలి ఎటు కొడుతుందో చూస్తా సార్. వాసన రాగానే హమాలీలు గేటు వైపే ఉరుకుతారు. గాలి కూడా అటే ఉంటే పొగలోకే పోయినట్టు. ఒకసారి అట్లనే అయింది. ఇద్దరిని భుజాన వేసుకొని వెనక గోడ దాటించిన."

అరచేతులు మోకాళ్ల మీద బోర్లించి పెట్టుకున్నాడు. అవి వణుకుతున్నాయి.

సీజన్‌లో రాత్రిపూట లోపల నలభై మంది హమాలీలుంటారు. స్వప్నకు నేర్పించడానికి పది రోజులు చాలవు. పోనీ నేర్పేవాళ్లున్నారా అంటే, ఇక్కడ ఎవరూ లేరు. సాయంత్రం రాజేశ్వర్ ఓనర్‌తో గంటసేపు వాదించి సమ్మయ్యను ఖాయం చేశాడు.

స్వప్నకు తనే ఫోన్ చేశాడు. అనుభవం లేదని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేయలేకపోయాడు. గాలి సంగతి, హమాలీల సంగతి అంతా చెప్పాడు.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. "అర్థమైంది సార్" అని, మళ్లీ అడిగింది. "లాగ్‌బుక్కు మరి?"

ఆ రాత్రి అతను ఇంటికి పోలేదు. పదింటికి స్వెటర్ వేసుకొని మూడో ఛాంబర్ దగ్గరికి వెళ్లి మీటర్ చూశాడు. వరసగా ఉన్న 5.0ల కింద 6.8 అని రాసి, టైం వేసి సంతకం చేశాడు.