బ్యాకప్ డిస్కు వైఫల్యంపై నివేదిక, కొత్త ఏర్పాటుకు ప్రతిపాదన

తిరుపతి,
12-09-2025

గౌరవనీయులైన డైరెక్టరు గారికి,

విషయం: అకౌంట్స్ సర్వరు బ్యాకప్ డిస్కు చెడిపోవడం, దాని స్థానంలో చేయదలచిన ఏర్పాటుకు అనుమతి కోరడం.

అయ్యా,

మన తిరుపతి కార్యాలయంలో అకౌంట్స్ సర్వరుకు తగిలించి ఉన్న 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు చెడిపోయిందనీ, జూన్ 26 తర్వాత అందులో ఒక్క బ్యాకప్ కూడా సరిగా పడలేదనీ ఈ నెల 8న, సోమవారం, తెలిసింది. సర్వరు బాగానే ఉంది, ట్యాలీ లెక్కలు పోలేదు. అయితే ఆ 74 రోజుల్లో సర్వరుకు ఏదైనా జరిగి ఉంటే ఈ ఏటి మామిడి సీజను లెక్క మొత్తం పోయేది కనుక, ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఈ లేఖ రాస్తున్నాను.

చిత్తూరు ఫ్యాక్టరీకి వచ్చిన తోతాపురి కాయల జూలై కాటా చీటీల రిజిస్టరు మీద పొరపాటున ఆగస్టు రిజిస్టరు సేవ్ కావడంతో, పాత ఫైలు కోసం బ్యాకప్ తెరిచాం. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేసిందే తప్ప ఫోల్డరు తెరుచుకోలేదు. సర్వీసు మెకానిక్ పరీక్షించి Current Pending Sector Count వేలల్లో ఉందని, అంటే చదవడానికి వీలుకాని భాగాలు అన్ని ఉన్నాయని చూపించాడు. డిస్కును ఏళ్లుగా యూపీఎస్ పైన, ఆ వేడిలోనే ఉంచడం మంచిది కాదని కూడా చెప్పాడు. పోయిన రిజిస్టరులోని 412 చీటీలను కార్బన్ కాపీలు చూసి ఇద్దరు గుమాస్తాలు తిరిగి ఎక్కిస్తున్నారు.

ఇందులో ఆపరేటరు తప్పు లేదు. రోజూ రాత్రి 9 గంటలకు బ్యాకప్ దానంతట అదే నడిచి, లాగ్‌లో completed with errors అని రాసుకుంటూనే వచ్చింది. ఆ లాగ్ తెరిచి చూడాలని నేను ఎవరికీ అప్పగించలేదు. పచ్చ లైటు వెలుగుతోంది కదా అని నేనూ నిశ్చింతగా ఉన్నాను.

డిస్కు చెడకపోయినా పాత పద్ధతి లోపభూయిష్టమే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే, ఎప్పుడూ సర్వరుకు తగిలించి ఉండే డిస్కుకు కూడా సర్వరుతోపాటే తాళం వేసేస్తుంది. దొంగతనానికైనా, అగ్నిప్రమాదానికైనా రెండూ ఒకే గదిలో దొరుకుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదలో మునిగినప్పుడు మనం సర్వరును బల్ల మీదికి ఎత్తాం గానీ డిస్కు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పైగా కంప్యూటరులో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలోనే ఉన్న సర్వరులో ప్రతిరోజూ ఉంచాలని కంపెనీల (అకౌంట్స్) నియమాలకు 2022 ఆగస్టులో వచ్చిన సవరణ చెబుతోంది. ఆ లెక్కన మన పద్ధతి మొదటినుంచీ చాలదు. ఈ మాట ఆడిటరు గారికి మనమే ముందుగా చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

తక్షణం చేసింది ఇది: 9న చిల్లర ఖర్చుల నుంచి రూ. 6,800తో కొత్త డిస్కు కొని, ఆ రాత్రే పూర్తి కాపీ తీయించి, మరునాడు దానిని వేరే కంప్యూటరులో తెరిచి ట్రయల్ బ్యాలెన్సు సరిచూశాం, సరిపోయింది. ఆ ఖర్చును ఆమోదించవలసిందిగా మనవి.

ఇకమీదట కాపీలు మూడు చోట్ల ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, కార్యాలయంలో నాస్ అనే, నెట్‌వర్కుకు తగిలించి ఒకే కాపీని రెండు డిస్కుల్లోనూ రాసే పెట్టె ఒకటి పెట్టి రాత్రి కాపీ అందులోకి తీయాలి. ఒక డిస్కు పోయినా రెండోది పనిచేస్తుంది గానీ, పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ చెరిగిపోతుంది కనుక అందులో 30 రోజుల పాత కాపీలు కూడా నిలవాలి. రెండోది, ఇప్పుడు కొన్న డిస్కుకు జతగా మరొకటి కొని, వారం వారం ఒకటి చిత్తూరుకు వెళ్లే మన వ్యానులో పంపి, ఫ్యాక్టరీ బీరువాలో పెట్టి పాతది వెనక్కి తేవాలి. అవి కాపీ తీసే గంటసేపు తప్ప దేనికీ తగిలించి ఉండకూడదు. మూడోది, మన దేశంలోని డేటా సెంటరులో పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసిన రోజువారీ క్లౌడ్ కాపీ. ఆ పాస్‌వర్డు సీలు వేసిన కవరులో మీ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంటాయి.

వీటన్నిటికంటే ముఖ్యం, నెలకొకసారి ఏదో ఒక కాపీ నుంచి ట్యాలీ తెరిచి చూసి సంతకం చేయడం. ఆ బాధ్యత నేనే తీసుకుంటాను. లాగ్‌ను రోజూ ఉదయం ఆపరేటరు చూసి రిజిస్టరులో రాస్తాడు.

తెచ్చిన కొటేషన్ల ప్రకారం నాస్, డిస్కులకు కలిపి రూ. 46,500, క్లౌడ్‌కు ఏడాదికి రూ. 14,400 అవుతాయి. ఖర్చు తగ్గించవలసి వస్తే నాస్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు గానీ, క్లౌడ్ కాపీని, చిత్తూరు డిస్కును ఆపవద్దని విన్నపం. పాత డిస్కును రికవరీ ల్యాబుకు పంపే అవసరం నాకు కనబడలేదు. ఆ రుసుముకంటే 412 చీటీలు మళ్లీ ఎక్కించడమే చవక. అందులో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నందున దానిని పాత సామాన్ల వారికి ఇవ్వకుండా, మీ అనుమతితో, నా ఎదుటే పగలగొట్టిస్తాను.

సెప్టెంబరు 30న అర్ధ సంవత్సర లెక్కలు ముగుస్తాయి కనుక 19వ తేదీలోపు మీ ఉత్తర్వు అందితే, ఆ లెక్కలు కొత్త ఏర్పాటులోనే భద్రమవుతాయి.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
కార్యాలయ మేనేజరు, తిరుపతి

జత: కొటేషన్లు మూడు, మెకానిక్ నివేదిక ఒకటి.