బడిలో ఎవరికి ఏది అందుతోంది: బీఎడ్ రెండో సంవత్సరం ప్రాజెక్టుకు కొన్ని అంశాలు

రెండో సంవత్సరం విద్యార్థులకు,

వచ్చే నెల నుంచి పదహారు వారాలు మీరు బడుల్లో ఉంటారు. సహిత విద్య పేపరు కింద రాయాల్సిన ప్రాజెక్టుకు అంశం ఏమిటని చాలామంది అడుగుతున్నారు. ఏటా నా దగ్గరకు వచ్చే వాటిలో సగానికి పైగా ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లల పట్ల ఉపాధ్యాయుల వైఖరి’ మీదే ఉంటాయి. ఒక ప్రశ్నావళి, కొన్ని శాతాలు, చివరకు ‘వైఖరి సానుకూలంగా ఉంది’ అనే మాట. ఈసారి దాన్ని పక్కన పెట్టమని కోరుతున్నాను. మనసులో ఏముందో కొలవడం కష్టం. గడప ఎత్తు ఎంతో టేపు పెట్టి కొలవవచ్చు.

మూడేళ్ల కిందట ఇంటర్న్‌షిప్ పరిశీలనకు ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ర్యాంపు ఉంది. రెండు వైపులా కమ్మీలు ఉన్నాయి, కొత్తగా రంగు కూడా వేశారు. ఎనిమిదో తరగతి అమ్మాయి చక్రాల కుర్చీలో ఆ ర్యాంపు మీదుగా వరండాలోకి వచ్చి, తరగతి గుమ్మం ముందు ఆగింది. నాలుగు అంగుళాల గడప. ఇద్దరు స్నేహితురాళ్లు పరుగున వచ్చి ముందు చక్రాలు ఎత్తి లోపలికి దాటించారు. మధ్యాహ్నం మూడున్నరకు ఆమె పక్కన కూర్చున్నాను. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా నిండుగా అలాగే ఉంది. ‘దాహం వేయలేదా?’ అంటే తల దించుకుంది. మరుగుదొడ్డికి వెళ్లాలంటే మళ్లీ ఎవరినో పిలవాలి. అందుకని నీళ్లే తాగదు. బడి రికార్డులో మాత్రం ‘ర్యాంపు: ఉంది’.

కాబట్టి ఈ కింది అంశాల్లో దేన్ని ఎంచుకున్నా మీ ప్రశ్న ‘ఉందా, లేదా’ అని కాకుండా ‘ఈ బిడ్డ తనంతట తాను వాడుకోగలుగుతోందా’ అని ఉండాలి.

గేటు నుంచి బల్ల దాకా

ఒక బిడ్డ బడిలో ఒక రోజంతా తిరిగే దారిని గీయండి. గేటు, ప్రార్థన స్థలం, తరగతి, కుళాయి, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్డి, ప్రయోగశాల, ఆటస్థలం. ఒక్కో చోటికి చేరడానికి పట్టిన సమయం, ఎక్కడ ఆగాల్సి వచ్చింది, ఎంతమంది సాయం పట్టారు అన్నవి రాసుకోండి. అదే దారిలో మరో విద్యార్థికి పట్టే సమయాన్ని పక్కన పెట్టి చూడండి.

ర్యాంపు కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మన దేశ ప్రమాణాల ప్రకారం వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే వరండా నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ర్యాంపు 7.2 మీటర్ల పొడవు ఉండాలి. చాలా చోట్ల మెట్లకు ఉన్నంత స్థలంలోనే దాన్ని ఇరికిస్తారు. మూడు మీటర్లలో 60 సెంటీమీటర్లు ఎక్కాలంటే వాలు దాదాపు 1:5. దాని మీద ఒక్కరే కుర్చీని తోసుకుని ఎక్కడం చాలా కష్టం, దిగడం ప్రమాదం. ఎత్తు సరిగ్గా తెలియాలంటే ఊళ్లో తాపీ మేస్త్రిని అడగండి. నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టంతో రెండు నిమిషాల్లో మట్టం చూపిస్తాడు. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 90 సెంటీమీటర్లు ఉందో లేదో చూడండి. ర్యాంపు చివర గడప, మురుగు కాల్వ, నిలిపిన సైకిళ్లు ఉన్నాయేమో చూడండి. వర్షం పడిన రోజు తప్పకుండా మళ్లీ వెళ్లి చూడండి.

మేడ ఉన్న బడి అయితే కాలనిర్ణయ పట్టికను ముందు పెట్టుకోండి. ఆ బిడ్డకు వారంలో ఎన్ని పీరియడ్లు పైఅంతస్తులో పడుతున్నాయి? గదులు మారిస్తే ఎన్నింటిని కిందికి తేవచ్చు? రూపాయి ఖర్చు లేకుండా ప్రధానోపాధ్యాయులు ఒక్క రోజులో చేయగలిగే మార్పు ఇది. మీ ప్రాజెక్టులో కొత్త పట్టిక ముసాయిదాను కూడా జతచేస్తే నేను ఎంతో సంతోషిస్తాను.

మరుగుదొడ్డిని విడిగా ఒక అంశంగా తీసుకోవచ్చు. ‘ప్రత్యేక మరుగుదొడ్డి’ అని రాసి ఉన్న గదికి తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, లోపల చీపుర్లూ విరిగిన బల్లలూ పెట్టారా, గొళ్లెం చేతికి అందుతుందా, కుర్చీ లోపల తిరుగుతుందా. ఆడపిల్లల విషయంలో ఈ పరిశీలనను మీలో మహిళా విద్యార్థులే చేయాలి.

బల్ల, కుర్చీ

అందరం చూస్తూ ఉండే వస్తువే, అయినా దీని మీద ఇంతవరకు ఒక్కరూ ప్రాజెక్టు చేయలేదు. మన బడుల్లో ఎక్కువగా కనిపించేది ఇద్దరు కూర్చునే జంట బల్ల. కూర్చునే పలక, రాసే పలక ఒకే ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. కాలిపర్ వేసుకున్న పిల్లవాడు కాలు చాపుకోవాలంటే చోటు లేదు. చక్రాల కుర్చీలో వచ్చిన బిడ్డకు ఆ బల్ల దగ్గర స్థానమే లేదు. ఒళ్లో అట్ట పెట్టుకుని రాయాల్సిందే. మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లలకు పాదాలు నేలకు ఆనకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే చేయి నిలవదు.

ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఊరి వడ్రంగి చేత ఏటవాలు రాత పలక ఒకటి, పాదాల కింద పెట్టడానికి చెక్క పీట ఒకటి చేయించండి. ఆ బిడ్డ మామూలు బల్ల మీద పది నిమిషాలు, పలకా పీటా పెట్టి పది నిమిషాలు పాఠం చూసి రాయాలి. ఆరు రోజులు చేయండి. ఒక రోజు ముందు మామూలు బల్ల, మర్నాడు ముందు ఏటవాలు పలక. ఎప్పుడూ ఒకటే ముందు ఉంటే రెండోసారి చేయి అలసిపోయి లెక్క తప్పుతుంది. ఎన్ని పదాలు రాసింది, ఎన్నిసార్లు చేయి ఆపి విదిలించింది, చివర్లో ఆమె ఏమంది, ఈ మూడూ రాయండి. ఒక్క బిడ్డతో చేసిన పని కాబట్టి ‘దివ్యాంగ విద్యార్థులందరికీ’ అని ముగింపులో రాయకండి. ‘ఈ విద్యార్థికి ఈ ఆరు రోజుల్లో’ అని రాయండి. అది చిన్న మాట అనిపించవచ్చు, కానీ నిజమైన మాట.

అక్షరం కంటికి ఎప్పుడు ఆనుతుంది

తెలుగు చదివే అల్పదృష్టి పిల్లల కష్టం ప్రత్యేకమైనది. ఇంగ్లిష్ పుస్తకాల కోసం చెప్పిన అక్షర పరిమాణాలను మనం అలాగే తీసుకుంటున్నాం. కానీ మన లిపిలో తేడా అంతా చిన్న చిన్న గుర్తుల్లో ఉంటుంది. ‘ద’కు, ‘ధ’కు మధ్య ఒక చిన్న గీత. ‘ప’, ‘ష’, ‘వ’ ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. వత్తు అసలు అక్షరం కంటే చిన్నది, పైగా కింద ఉంటుంది. పక్క వరుస దగ్గరగా ఉంటే దానిలో కలిసిపోతుంది.

వత్తులు, గుణింతాలు ఉన్న పదాలను 14, 18, 24, 32 పాయింట్లలో అట్టల మీద అచ్చు వేయండి. ప్రతి పరిమాణానికీ వేర్వేరు పదాలు ఉండాలి, లేకపోతే బిడ్డ గుర్తుపెట్టుకుని చెబుతుంది. ఏ పరిమాణంలో ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా చదివిందో పట్టిక వేయండి. వరుసల మధ్య ఖాళీ పెంచి మళ్లీ చూడండి. నా అంచనా ఏమిటంటే చాలామందికి అక్షరం పెద్దది చేయడం కంటే వరుసల మధ్య ఎడం పెంచడమే ఎక్కువ ఉపయోగపడుతుంది. అది తప్పని మీరు చూపించినా నాకు ఆనందమే. నల్లబల్ల మీద ఏ రంగు సుద్ద, ఏ కిటికీ వెలుతురులో కనబడుతుందో కూడా ఇందులో కలపవచ్చు.

కంప్యూటర్ చదివే పాఠం

చూపు లేని పిల్లలకు ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్లు తెలుగును చదివి వినిపిస్తాయి. అయితే పాఠం యూనికోడ్‌లో ఉండాలి. మీకు దొరికిన పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, గైడ్లు, మీ సొంత పాఠ్యపథకాల నుంచి పది పుటలు తీసుకోండి. ఒక్కో పుటలో ఒక పంక్తిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగే వస్తే మంచిది. అర్థం లేని గుర్తులు వస్తే ఆ పుట పాత ఫాంటులో ఉన్నట్టు, చెవికి వినపడేదీ ఆ గుర్తులే. ఏమీ రాకపోతే అది కేవలం బొమ్మ. పటాలకు, పట్టికలకు మాటల్లో వివరణ ఉందో లేదో కూడా చూడండి. చివరగా ఒక పాఠాన్ని మీరే యూనికోడ్‌లో టైపు చేసి, పటాలను మాటల్లో వివరించి, ఆ విద్యార్థికి ఇచ్చి రండి.

బ్రెయిలీ చదివే బిడ్డ ఉన్న చోట తాకి తెలుసుకునే పటాలు చేయవచ్చు. గుండె బొమ్మకు దారం, జిగురు, సాగో గింజలు చాలు. కానీ కళ్లకు గంతలు కట్టిన మీ స్నేహితుల మీద పరీక్షించి ‘ఉపయోగపడుతోంది’ అని రాయకండి. వాళ్లు కళ్లతో చూసిన గుండెను గుర్తుచేసుకుంటున్నారు, ఆ బిడ్డ వేళ్లతో మొదటిసారి చూస్తోంది.

వినికిడి

ఇది సులభమైన అంశం. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టండి. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే బిడ్డకు అవన్నీ పోయిన నిమిషాలే. మొదట మీ పాఠాన్నే లెక్కపెట్టుకోండి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ వీడియోల్లో ఎన్నింటికి కింద అక్షరాలు వస్తున్నాయో చూడటం మరో మంచి పని.

పని మొదలుపెట్టే ముందు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 16, 17, 31 సెక్షన్లు చదవండి. భవనం, ప్రాంగణం అందుబాటులో ఉండటం, విద్యార్థికి తగిన వసతి కల్పించడం సంస్థ బాధ్యత అని 16వ సెక్షన్ చెబుతుంది. మీరు అడుగుతున్నది దయ కాదని ప్రధానోపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు మీకు తెలిసి ఉండాలి. అలాగని తనిఖీ అధికారిలా మాట్లాడకండి. వాళ్లలో చాలామంది నిధుల కోసం తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లు. మండలంలోని భవిత కేంద్రంలో పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లను మొదటి వారంలోనే కలవండి. ఏ బిడ్డకు ఏం కావాలో మనకంటే వాళ్లకు బాగా తెలుసు.

తల్లిదండ్రుల అనుమతిని తెలుగులో రాసి తీసుకోండి. చదవలేని వారికి చదివి వినిపించండి. బిడ్డను కూడా అడగండి. ఒకరోజు ‘ఇవాళ వద్దు అక్కా’ అంటే ఆ రోజు అక్కడితో ఆపేయండి. పేరు, ముఖం, ఇంటి వివరాలు ప్రాజెక్టులో ఉండకూడదు. ఫొటోలు గడపలవి, బల్లలవి తీయండి, పిల్లలవి వద్దు. ‘ఒకసారి ఎక్కి చూపించమ్మా’ అని మాత్రం ఎవరినీ అడగకండి. వాళ్లు ఎప్పుడు వెళ్తారో అప్పుడే చూడండి.

ప్రాజెక్టు ఇరవై ఐదు పుటలు మించనక్కర్లేదు. కొలతల పట్టిక, దారి పటం, బిడ్డ చెప్పిన మాటలు తప్పనిసరి. చివరి పుటలో, మీరు బడి వదిలే లోపు మారిన ఒక్క విషయం రాయండి. గడపకు సిమెంటుతో చిన్న వాలు వేయించారా, తాళంచెవి తరగతి గదిలోకి తెప్పించారా, ఏదైనా సరే. ఏమీ మారకపోతే ఎవరిని ఏమని అడిగారో, వాళ్లు ఏమన్నారో రాయండి. దానికీ మార్కులు ఉంటాయి.

ఇద్దరిద్దరుగా చేరి, ఎంచుకున్న అంశాన్ని ఒక పుటలో రాసి వచ్చే సోమవారం నాకు ఇవ్వండి. కొలత టేపులు నాలుగు నా గదిలో ఉన్నాయి, సంతకం పెట్టి తీసుకెళ్లండి.

సహిత విద్య అధ్యాపకురాలు