గణితం టీచర్ నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కు: నా పరిచయం

తొమ్మిదేళ్లుగా హనుమకొండలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఎనిమిది నుంచి పది తరగతులకు గణితం చెబుతున్నాను. ఇప్పుడు మాన్యువల్ టెస్టింగ్‌లో తొలి ఉద్యోగం కోసం చూస్తున్నాను. బడులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల్లోనూ, తెలుగులో నడిచే యాప్‌ల మీద పనిచేసే బృందాల్లోనూ నా అనుభవం ఎక్కువగా అక్కరకొస్తుంది.

ఈ పని మీద మనసు పడింది మా బడికి మార్కుల నమోదు యాప్ వచ్చాక. 20 మార్కుల పరీక్షకు 21 వేసినా అది కిక్కురుమనకుండా తీసుకునేది. పరీక్షకు రాని పిల్లలకు సున్నా వేసి తరగతి సగటును కిందికి లాగేది. వెతికితే ‘రాజ్‌కుమార్’ దొరికేవాడు కాదు. ‘జ్’ తర్వాత ‘కు’ ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. నమోదు చేసినవారు దాన్ని పెట్టి, వెతికేవారు పెట్టకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఏ తెర మీద, ఏ వరసలో ఏం నొక్కితే లోపం వచ్చిందో, రావలసింది ఏమిటో, వచ్చింది ఏమిటో రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి తయారీదారులకు పంపేదాన్ని. అనుమానాలు అడగడానికి ఫోను చేయాల్సిన అవసరం లేకుండానే వారు చాలావరకు సరిచేశారు.

ఆ తర్వాత పద్ధతిగా చదువుకుని ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ లెవెల్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. టెస్ట్ కేసులు రాయడం, జిరాలో లోపాలు నమోదు చేయడం, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐలు పరీక్షించడం, ఎస్‌క్యూఎల్‌తో డేటా సరిచూడటం వచ్చు. ఉత్తీర్ణత 35 మార్కులైతే 34, 35, 36 వేసి చూడటంతో ఆగను. గడి ఖాళీగా వదిలితే, మైనస్ ఒకటి వేస్తే, అంకెకు బదులు అక్షరం కొడితే ఏమవుతుందో కూడా చూస్తాను. సెలీనియం ఇప్పుడే మొదలుపెట్టాను, కాబట్టి ఆటోమేషన్ వచ్చని చెప్పుకోను.

తరగతి గదిని అదుపులో పెట్టడాన్ని ‘నాయకత్వ లక్షణాలు’ అని పేరు మార్చి ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. బోధన నేర్పినవాటిలో టెస్టింగ్‌కు నేరుగా పనికొచ్చేది జవాబు పత్రాలు దిద్దడం. సగం తరగతి ఒకే లెక్కను ఒకే రకంగా తప్పు చేస్తే ముందు నేను ప్రశ్నను మళ్లీ చదువుతాను. వాడేవారంతా ఒకే బటన్ దగ్గర తడబడితే ఆ తెరనూ అలాగే అనుమానిస్తాను. తప్పును ఎదుటివారు నొచ్చుకోకుండా, అలాగని దాచకుండా చెప్పడం కూడా తల్లిదండ్రుల సమావేశాల్లో బాగా అలవాటైంది.

సాధన కోసం ఒక హాజరు యాప్‌కు రాసిన టెస్ట్ కేసులు, బడి పేరు తీసేసిన లోపాల నివేదికలు అడిగితే పంపగలను. కొత్తగా చేరేవారికి ఇచ్చే జీతానికి అభ్యంతరం లేదు. పదో తరగతి పిల్లలను పరీక్షల ముందు వదిలి రాలేను. ఏప్రిల్ నెలాఖరు తర్వాత హైదరాబాద్‌లో ఎప్పుడైనా చేరగలను.