అమ్మమ్మకి, తాతయ్యకి 50వ పెళ్లిరోజు శుభాకాంక్షలు

అమ్మమ్మా, తాతయ్యా,

మీ స్వర్ణోత్సవ పెళ్లిరోజుకి బోలెడన్ని శుభాకాంక్షలు! 50 ఏళ్లు కలిసి నడిచిన మిమ్మల్ని చూస్తుంటే కళ్లు చాలడం లేదు.

తాతయ్యా, నువ్వు పేపర్ తీసి కళ్లజోడు కోసం తడుముకునేలోపే అమ్మమ్మ దాన్ని కొంగుతో తుడిచి నీ చేతిలో పెడుతుంది. అమ్మమ్మా, నువ్వు మెట్లు దిగుతుంటే తాతయ్య ఒక మెట్టు ముందు దిగి, మాట్లాడకుండా చెయ్యి చాపి నిలబడతాడు. "నేను దిగగలను లెండి" అంటూనే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంటావు. అది నాకెంత ఇష్టమో! ఇన్నాళ్లూ ఎప్పుడూ చెప్పలేదు కదా, ఈరోజు చెప్తున్నా.

మీకూ కష్టాలు వచ్చాయని అమ్మ చెప్తుంటుంది. వాటి నీడ కూడా మా మీద పడనివ్వలేదు. పరీక్షల టెన్షన్ అయినా, అమ్మ తిట్టినా నేను పరిగెత్తుకొచ్చేది మీ ఇద్దరి మధ్యకే. అక్కడ కూర్చుంటే ఇంక ఏ భయమూ ఉండదు.

మీరిద్దరూ నిండు ఆరోగ్యంతో నూరేళ్లు హాయిగా ఉండాలి. తాతయ్యా, మోకాళ్ల మందులు మర్చిపోకు. అమ్మమ్మా, ఈ ఒక్కరోజైనా పనులన్నీ మాకు వదిలేసి తాతయ్య పక్కన తీరిగ్గా కూర్చో. ఫోటోలు నేను తీస్తాను!

బోలెడన్ని ముద్దులతో,
మీ చిట్టి మనవరాలు