పాడ్యమి ఎన్నింటికి?

ఉగాది ఎప్పుడో సింధు ఫోన్‌లోనే ఉంటుంది. క్యాలెండర్ తెరిస్తే చాలు. అయినా ఏటా మార్చి దగ్గరపడగానే తెనాలికి ఫోన్ చేసి, "తాతయ్యా, ఈసారి ఉగాది ఎప్పుడు?" అని అడుగుతుంది.

మామూలు రోజుల్లో తాతయ్యతో మాటలు అర నిమిషంలో అయిపోతాయి. "తిన్నావా అమ్మలూ? చదువు బాగా సాగుతోందా? ఇదిగో, మీ అమ్మకిస్తున్నా." అంతే. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. అలమారలోంచి గంటల పంచాంగం తీసి, దగ్గరి చూపు కళ్ళజోడు కోసం ఇంట్లో అందర్నీ కేకేసి, చివరికి అది తన జేబులోనే దొరికాక, చైత్రమాసం పేజీ మీద వేలు పెట్టి చదవడం మొదలుపెడతారు. అమావాస్య ఎప్పుడు వెళ్తుందో, పాడ్యమి ఎప్పుడు వస్తుందో, వచ్చే సంవత్సరం పేరేమిటో అన్నీ వరసగా చెబుతారు. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. జవాబు ముందే చెప్పేస్తే పిల్లలు లెక్క చూడరని ఆయన నమ్మకం. అందుకే తేదీ ఆఖర్న వస్తుంది.

పీహెచ్‌డీకి డాలస్ వెళ్ళాక మొదటి ఉగాది 2022లో. "ఏప్రిల్ 2, శనివారం. శుభకృత్" అన్నారు తాతయ్య. ఆ తర్వాతి ఏడు శోభకృత్, మార్చి 22.

2024లో ఉగాది ఏప్రిల్ 9. ముందురోజు డాలస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి సూర్యుడు పూర్తిగా మూతపడ్డాడు. వీధి దీపాలు వెలిగాయి, పార్కింగ్‌లో నిలబడ్డ జనమంతా ఒక్కసారి అరిచారు. సింధు ఆ హడావిడిలోనే ఇంటికి వీడియో కాల్ చేసేసింది. తెనాలిలో అప్పుడు అర్ధరాత్రి దాటి పది నిమిషాలు.

"ఏమైందే?" అంటూ అమ్మ కంగారుగా లేచింది.

"ఏం కాలేదమ్మా, గ్రహణం! తాతయ్యకి చూపించు!"

తాతయ్య నిద్రకళ్ళతో తెర వంక చూశారు. గ్రహణం గురించి ఏమీ అనలేదు. పంచాంగం తెమ్మన్నారు. "అమావాస్య రాత్రి పదకొండూ యాభైకి అయిపోయిందిక్కడ. నీకేమో అది మిట్టమధ్యాహ్నం..." అని గొణిగి, "సరే, పడుకోండి" అంటూ ఫోన్ అమ్మ చేతికిచ్చేశారు. ఆయన మటుకు ఆ రాత్రి పడుకోలేదని అమ్మ తర్వాత చెప్పింది.

అందుకే 2025 మార్చిలో సింధు ఎప్పటిలాగే అడిగితే, తాతయ్య ఎదురు ప్రశ్న వేశారు.

"మీ ఊళ్ళో ఈ నెలాఖర్న సూర్యోదయం ఎన్నింటికి?"

"ఏడూ పద్దెనిమిదికి అనుకుంటా. ఎందుకు?"

"అంత ఆలస్యమా?"

"గంట ముందుకి తిప్పారుగా తాతయ్యా, గడియారాలు."

"మీరు గడియారం తిప్పితే సూర్యుడు ఒప్పుకుంటాడా? సరే, ఇప్పుడు తేడా ఎంత, పదిన్నర గంటలేనా?"

వీడియోలో ఆయన నుదురు సగం, సీలింగ్ ఫ్యాన్ మొత్తం కనిపిస్తున్నాయి. కరెంటు బిల్లు వెనక పెన్ను గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. పైకే లెక్క కడుతున్నారు. "మార్చి 29 సాయంత్రం నాలుగున్నరకి మూడు నిమిషాలు తక్కువ, అమావాస్య వెళ్తుంది. పదిన్నర తీసెయ్యి. అంటే నీకు తెల్లవారుజామున ఆరుకి మూడు నిమిషాలు తక్కువ. సూర్యోదయం ఏడూ పద్దెనిమిది. అప్పటికి పాడ్యమి వచ్చేసింది కదూ?"

"వచ్చేసింది."

"సూర్యోదయానికి పాడ్యమి ఏ రోజుంటే ఆ రోజే ఉగాది. మాకు 30, ఆదివారం. నీకు 29, శనివారం." పెన్ను కింద పెట్టేశారు. "తిథి లోకానికంతటికీ ఒకేసారి మారుతుందమ్మలూ. సూర్యోదయమే ఎవరిది వాళ్ళకి."

సింధుకి అది నచ్చలేదు. ఒకరోజు ముందు ఒక్కతే చేసుకోవడానికి అదేం పండగ? "మీతోపాటే ఆదివారం చేసుకుంటాలే" అంది.

"అప్పటికి నీకు విదియ. విదియనాడు చేసుకుంటే చేసుకో, దాన్ని ఉగాది అనకు."

రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. తాతయ్య తనంతట తాను ఫోన్ చేయడం సింధు ఎరగదు. ఎవరికేమైందోనని గుండె గుభేలుమంది.

"2022లో నీకు తప్పు చెప్పాను" అన్నారు.

పాత పంచాంగాలన్నీ దించారట. ఆ ఏడు అమావాస్య ఏప్రిల్ 1న తెనాలిలో మధ్యాహ్నం పన్నెండు లోపే వెళ్ళిపోయింది. డాలస్‌లో అది అర్ధరాత్రి ఒకటిన్నర లోపు. అంటే ఏప్రిల్ 1 తెల్లవారేసరికే ఆమెకి పాడ్యమి. మిగతా రెండేళ్ళూ సరిపోయాయి, అదొక్కటే తప్పింది.

"ఏప్రిల్ 1 అని చెప్పుంటే ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకునేదాన్ని తాతయ్యా."

ఆయన నవ్వలేదు. "పరాయి దేశంలో మొదటి ఉగాది. నా మాట విని విదియనాడు పచ్చడి తిన్నావు."

సింధుకి ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు తాను పచ్చడి తినలేదు. కారు లేదు, వేపపువ్వు దొరకలేదు, ల్యాబ్‌లో రాత్రి వరకూ ఉండిపోయింది. సాయంత్రం అమ్మ అడిగితే "ఆ, చేశాను, బాగా కుదిరింది" అనేసింది. ఆ మాట అమ్మ ఇంటిల్లిపాదికీ చెప్పుకుంది. ఇప్పుడు నిజం చెబితే పెద్దాయన తప్పు పోతుంది, తన అబద్ధం బయటపడుతుంది. కాసేపు ఊగిసలాడి చెప్పేసింది.

అటువైపు చాలాసేపు మాట లేదు.

"అసలేం చేయలేదా?"

"లేదు తాతయ్యా."

"తలంటు?"

"మామూలు స్నానం. అదీ హడావిడిగా."

"అయితే విదియనాడు పండగ చేయలేదన్నమాట" అన్నారాయన. గొంతు తేలికపడింది. వెంటనే మళ్ళీ బిగుసుకుంది. "మీ అమ్మకి నువ్వే చెప్పుకో. నేను చెప్పను."

ఆ శనివారం సింధు ఫ్రెండ్ కారులో వెళ్ళి ఎండు వేపపువ్వు తెచ్చుకుంది. పచ్చడిలో చేదు ఎక్కువైంది. ఫొటో తీసి పంపితే, తాతయ్య బొమ్మ చూసి ఊరుకోకుండా "తీసిన టైమెంత?" అని అడిగించారు.

2026లో అడిగేసరికి ఆయన ఉత్సాహం మీదున్నారు. "మార్చి 19, గురువారం. ఇద్దరికీ ఒకటే. కానీ తమాషా విను. మాకు పాడ్యమి పొద్దున ఆరూ యాభై రెండుకి వస్తుంది, అప్పటికే తెల్లారిపోయుంటుంది. మర్నాడు తెల్లారేలోపు వెళ్ళిపోతుంది. మాకు పాడ్యమితో సూర్యోదయమే లేదు! క్షయతిథి. నీకు?"

సింధు ఈసారి కాగితం సిద్ధంగా పెట్టుకుంది. "18 రాత్రి ఎనిమిదీ ఇరవైకి వస్తుంది, 19 సాయంత్రం ఆరూ ఇరవై దాకా ఉంటుంది. సూర్యోదయం ఏడున్నరకి. ఉంది తాతయ్యా!"

"చూశావా? ఈసారి సూర్యోదయం ఉన్న ఉగాది నీదే. మేమే ఇక్కడ సర్దుకుపోవాలి." కాస్త ఆగి, "పరాభవ నామ సంవత్సరం" అన్నారు.

"అబ్బా! ఈ ఏడే కదా తాతయ్యా నా థీసిస్ డిఫెన్స్."

"పేరు చూసి భయపడతారా ఎవరైనా? క్రోధిలో మీ అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. ఆ డిఫెన్సేదో ఎప్పుడో చెప్పు, తిథి చూస్తాను."

"తేదీ ప్రొఫెసర్లు పెడతారు."

"పెట్టనీ. వాళ్ళకీ మీ ఊరి సూర్యోదయమేగా? ఆగు, పెన్ను తెచ్చుకోనీ."