కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్, 2024 మార్చి 31 నాటికి

మిర్యాలగూడలోని మన బియ్యం మిల్లు కంపెనీ, నల్గొండ శివారులో ఉన్న తవుడు నూనె కంపెనీ (ఇందులో మనకు 75 శాతం వాటా) లెక్కలు కలిపి డైరెక్టర్ల బోర్డు ముందు పెడుతున్న ప్రతి. అంకెలన్నీ లక్షల రూపాయల్లో. కుండలీకరణాల్లో ఉన్నవి తీసివేతలు. చట్టప్రకారం అచ్చువేసే ప్రతిలో చివరి కాలమ్, దాని పక్కన గతేడాది అంకెలు ఉంటాయి. ఇక్కడ మాత్రం ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కనపడాలని నాలుగు కాలమ్‌లూ ఉంచాను.

| ఆస్తులు | నోట్ | మిల్లు | నూనె | సర్దుబాటు | కలిపి |
|---|---|---|---|---|---|
| భూమి, భవనాలు, యంత్రాలు | 2 | 1,150.00 | 610.00 | 80.00 | 1,840.00 |
| గుడ్‌విల్ | 2, 3 | - | - | 58.50 | 58.50 |
| నూనె కంపెనీ షేర్లలో పెట్టుబడి | 2 | 540.00 | - | (540.00) | - |
| నూనె కంపెనీకి ఇచ్చిన అప్పు | 6 | 100.00 | - | (100.00) | - |
| స్టాకు | 5 | 1,420.00 | 235.00 | (8.00) | 1,647.00 |
| అమ్మకాల మీద రావలసినవి | 6 | 380.00 | 190.00 | (62.00) | 508.00 |
| నగదు, బ్యాంకు నిల్వ | | 46.00 | 18.00 | - | 64.00 |
| ఇతర కరెంట్ ఆస్తులు | | 64.00 | 27.00 | - | 91.00 |
| మొత్తం ఆస్తులు | | 3,700.00 | 1,080.00 | (571.50) | 4,208.50 |

| ఈక్విటీ, అప్పులు | నోట్ | మిల్లు | నూనె | సర్దుబాటు | కలిపి |
|---|---|---|---|---|---|
| షేర్ క్యాపిటల్ | | 600.00 | 400.00 | (400.00) | 600.00 |
| మిగులు లాభాలు | 7 | 1,105.00 | 260.00 | (207.60) | 1,157.40 |
| మిల్లు వాటాదారుల ఈక్విటీ | | | | | 1,757.40 |
| నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ | 4 | - | - | 179.97 | 179.97 |
| మొత్తం ఈక్విటీ | | 1,705.00 | 660.00 | (427.63) | 1,937.37 |
| బ్యాంకు టర్మ్ లోన్ | | 420.00 | - | - | 420.00 |
| మిల్లు నుంచి తీసుకున్న అప్పు | 6 | - | 100.00 | (100.00) | - |
| డిఫర్డ్ ట్యాక్స్ | 2, 5 | 55.00 | 30.00 | 18.13 | 103.13 |
| క్యాష్ క్రెడిట్ | 6 | 1,180.00 | 150.00 | - | 1,330.00 |
| కొనుగోళ్ల మీద చెల్లించాల్సినవి | 6 | 260.00 | 110.00 | (62.00) | 308.00 |
| ఇతర కరెంట్ బాకీలు | | 80.00 | 30.00 | - | 110.00 |
| మొత్తం | | 3,700.00 | 1,080.00 | (571.50) | 4,208.50 |

నోట్ 1. ఏ పద్ధతిలో కలిపాం

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 129(3) ప్రకారం అనుబంధ కంపెనీ ఉన్న ప్రతి కంపెనీ తన సొంత లెక్కలతో పాటు కలిపిన లెక్కలూ ఇవ్వాలి. మన నికర విలువ 250 కోట్లకు చాలా దూరంలో ఉంది కాబట్టి ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు మనకు తప్పనిసరి కావు. స్వచ్ఛందంగా అందులోకి మారాం, ఇక వెనక్కి పోవడానికి లేదు. కలపడానికి ఇండ్ ఏఎస్ 110, కొనుగోలు లెక్కకు ఇండ్ ఏఎస్ 103 పాటించాం.

పోయినసారి మీటింగులో ఒక డైరెక్టర్ గారు అడిగారు: మనది 75 శాతమే కదా, వాళ్ల యంత్రాల్లోనూ 75 శాతమే రాయాలి కదా అని. రాయకూడదు. కంపెనీని నడిపే అధికారం మొత్తంగా మన చేతిలో ఉంది. అందుకే వాళ్ల ఆస్తులూ బాకీలూ నూటికి నూరు శాతం మన లెక్కలోకి వస్తాయి. మిగతా 25 శాతం ఎవరిదో నోట్ 4లో ఒకే అంకెగా చూపిస్తాం.

నోట్ 2. కొన్ననాటి లెక్క, గుడ్‌విల్

2022 ఏప్రిల్ 1న నూనె కంపెనీ 40 లక్షల షేర్లలో 30 లక్షలు, ఒక్కోటి 18 రూపాయల చొప్పున కొన్నాం. ఇచ్చింది 540 లక్షలు, అంతా నగదే. నికర ఆస్తుల్లో మన 75 శాతం భాగం కన్నా ఇలా ఎక్కువ ఇచ్చిన మొత్తమే గుడ్‌విల్. వాల్యూయర్ ఫీజు, షేర్ల బదిలీ స్టాంపు ఖర్చు ఇందులో కలపలేదు, అవి ఆ ఏటి ఖర్చులోనే పోయాయి.

| కొన్ననాటి నికర ఆస్తులు | |
|---|---|
| షేర్ క్యాపిటల్ | 400.00 |
| ఆ రోజుకున్న మిగులు లాభాలు | 140.00 |
| యంత్రాల విలువ పెంపు | 100.00 |
| పెంపు మీద డిఫర్డ్ ట్యాక్స్ (25.168 శాతం) | (25.17) |
| సరసమైన విలువలో నికర ఆస్తులు | 614.83 |

| గుడ్‌విల్ | |
|---|---|
| మనం ఇచ్చిన ధర | 540.00 |
| మిగతా వాటాదారుల భాగం (614.83లో 25 శాతం) | 153.71 |
| నికర ఆస్తులు | (614.83) |
| గుడ్‌విల్ | 78.88 |

యంత్రాల పెంపు ఎక్కువగా సాల్వెంట్ ప్లాంటుది. పుస్తకాల్లో తరుగుదల పోయి అది బాగా తక్కువకు పడి ఉంది. వాల్యూయర్ దానికి ఇంకో 10 ఏళ్ల ఆయుష్షు ఇచ్చారు కాబట్టి ఏడాదికి 10 లక్షల చొప్పున రెండేళ్లలో 20 లక్షల అదనపు తరుగుదల వేశాం, 80 మిగిలింది. పెంపు మీద ముందు ముందు పడే పన్నుగా చూపిన డిఫర్డ్ ట్యాక్స్‌లో 5.03 తిరిగి వెళ్లి 20.14 మిగిలింది.

మిగతా వాటాదారుల భాగాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. నికర ఆస్తుల్లో వాళ్ల శాతం లెక్కగట్టడం ఒకటి, వాళ్ల షేర్లకు మార్కెట్లో ఎంత వస్తుందో చూడడం రెండోది. కంపెనీ మీద పట్టు లేని షేరుకు 18 రూపాయలు ఎవరూ పెట్టరు. 16 అనుకుంటే వాళ్ల భాగం 160 అయి, గుడ్‌విల్ 85.17కి పోయేది. లిస్ట్ కాని కంపెనీలో ఆ 16 అన్నది ఎవరి నోట వచ్చిన ధర అని ఆడిటర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మొదటి దారి పట్టాం.

నోట్ 3. గుడ్‌విల్ తగ్గింపు

గుడ్‌విల్‌కు ఏటా తరుగుదల వేయం. కానీ నిలుస్తుందా లేదా అని ఏటా పరీక్ష పెట్టాలి (ఇండ్ ఏఎస్ 36). ఈసారి నిలవలేదు.

2023 జులై చివర్లో కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని ఆపింది, ఆ తర్వాత ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చింది. మన ప్లాంటులో నూనె కన్నా ఈ పిండే ఎక్కువ టన్నుల్లో వస్తుంది. అది దేశంలోనే అమ్ముకోవాల్సి వచ్చి రేటు పడిపోయింది. పైగా వంటనూనెల ధరలు 2022 నాటి ఎత్తులో లేవు. వచ్చే ఏళ్ల రాబడి అంచనాలు తగ్గించక తప్పలేదు. ఆ రాబడికి ఈనాటి విలువ కట్టిందే కింది పట్టికలోని వాడకంలో వచ్చే విలువ.

మన గుడ్‌విల్ 75 శాతం వాటాకు మాత్రమే చెందింది. ప్లాంటు మాత్రం పూర్తిగా లెక్కలో ఉంది. రెండూ సమానంగా పోల్చడానికి గుడ్‌విల్‌ను ముందు నూరు శాతానికి పెంచాలి.

| పరీక్ష | |
|---|---|
| యంత్రాలు, భవనాలు (610 + 80) | 690.00 |
| నికర వర్కింగ్ క్యాపిటల్ | 312.00 |
| నూరు శాతానికి పెంచిన గుడ్‌విల్ (78.88 ÷ 0.75) | 105.17 |
| పుస్తకాల్లో మొత్తం | 1,107.17 |
| వాడకంలో వచ్చే విలువ | (1,080.00) |
| లోటు | 27.17 |

ఈ 27.17లో మన 75 శాతం, అంటే 20.38 మాత్రమే పుస్తకాల్లో రాస్తాం. మిగతాది ఎప్పుడూ రాయని గుడ్‌విల్‌కు చెందింది, దాన్ని తీసివేయడానికేమీ లేదు. 78.88 పోను 20.38, మిగిలింది 58.50. రేపు తవుడు రేటు లేచినా ఈ 20.38 తిరిగి వెనక్కి రాయడానికి వీల్లేదు.

నోట్ 4. నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్

మనవాళ్లు ఇంకా మైనారిటీ వాటా అనే పిలుస్తున్నారు, పిలిచినా ఇబ్బంది లేదు. నూనె కంపెనీ పెట్టిన కుటుంబం దగ్గర ఉంచుకున్న 25 శాతం ఇది.

| | |
|---|---|
| కొన్ననాటి భాగం | 153.71 |
| తర్వాతి లాభాల్లో 25 శాతం (105.03లో) | 26.26 |
| 2024 మార్చి 31 నాటికి | 179.97 |

105.03 ఎలా వచ్చిందంటే: మిగులు లాభాలు 140 నుంచి 260కి పెరిగాయి, అంటే 120. అందులో అదనపు తరుగుదల, పన్ను పోను 14.97 తీసేశాం. ఈ రెండేళ్లలో డివిడెండ్ ఇవ్వలేదు. సరిచూసుకోవాలంటే: 660కి యంత్రాల పెంపు 80 కలిపి, డిఫర్డ్ ట్యాక్స్ 20.14 తీసేస్తే 719.86. అందులో పావు వంతు 179.97.

ఇది మనం ఆ కుటుంబానికి తీర్చాల్సిన అప్పు కాదు. అందుకే ఈక్విటీలో ఉంది, కానీ మన ఈక్విటీతో కలవకుండా వేరే వరసలో. బ్యాంకు మేనేజర్ గారు మన నెట్‌వర్త్ అడిగినప్పుడు 1,937.37 చెప్పకండి, మనది 1,757.40. అందులోంచి వాళ్లు గుడ్‌విల్ కూడా తీసేసి 1,698.90 అంటారు. ఆ విషయంలో వాదన పెట్టుకోకపోవడం మంచిది. గుడ్‌విల్‌ను తాకట్టు పెట్టలేం.

నోట్ 5. స్టాకులో దాగిన లాభం

మిల్లు అమ్మిన తవుడులో మార్చి 31న 48 లక్షల సరకు ఇంకా నూనె కంపెనీ దగ్గరే ఉంది. తవుడు నాలుగు రోజులు ఉంచితే ఆమ్లం పెరిగి పాడవుతుంది కాబట్టి చాలావరకు అది ముడినూనె, నూనె తీసిన తవుడు రూపంలో ఉంది. తవుడుకూ బియ్యానికీ మనం ఖర్చు పంచి వేస్తాం. ఆ లెక్కన దాని మీద మిల్లుకు పడిన ఖర్చు 40. బయటివాళ్లకు అమ్మేదాకా మిగతా 8 లక్షలు లాభం కాదు, ఇంట్లో ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వేసుకున్న డబ్బు. పన్ను 2.01 పోను 5.99 మిల్లు లాభంలోంచే తీసేశాం. అమ్మింది మిల్లు కాబట్టి ఇందులో మైనారిటీ వాటాదారులకు పడే భారం లేదు. రేపు నూనె కంపెనీ మనకేమైనా అమ్మితే అప్పుడు వాళ్ల 25 శాతం కూడా లెక్కలోకి వస్తుంది.

నోట్ 6. ఒకరికొకరు ఇవ్వాల్సినవి

తవుడు బాకీ 62, అప్పు 100, రెండువైపులా తీసేశాం. అప్పు మీద వడ్డీ మార్చి దాకా కట్టేశారు.

మొదట మిల్లు పుస్తకంలో 65 ఉంది, నూనె కంపెనీలో 62. ఆమ్లం ఎక్కువ వచ్చిందని మార్చి 29న వాళ్లు పంపిన 3 లక్షల డెబిట్ నోట్ మన గుమస్తా ఫైల్లో పెట్టి మర్చిపోయాడు. మిల్లు పుస్తకంలోనే సరిచేశాం, పై అంకెలు ఆ తర్వాతివి. ఇక నుంచి మార్చి ఆఖరి వారంలో ఇద్దరు అకౌంటెంట్లూ కూర్చుని బాకీ సరిపోల్చుకోవాలని చెప్పాను.

నూనె కంపెనీ క్యాష్ క్రెడిట్ 150కి మనం ఇచ్చిన గ్యారంటీని ఇక్కడ వేరుగా చూపలేదు. ఆ అప్పు ఎలాగూ 1,330లో ఉంది.

నోట్ 7. మిగులు లాభాలు

| | |
|---|---|
| మిల్లు సొంతవి | 1,105.00 |
| నూనె కంపెనీ 105.03లో 75 శాతం | 78.77 |
| స్టాకులో దాగిన లాభం, పన్ను పోను | (5.99) |
| గుడ్‌విల్ తగ్గింపు | (20.38) |
| కలిపి | 1,157.40 |

నూనె కంపెనీ కొన్ననాటి 140 ఇందులో లేదు. ఆ లాభం ఇచ్చిన ధరలోనే కొనుక్కున్నాం.

నోట్ 8. ఏడాది ముగిశాక

ఆ కుటుంబం ఇంకో 5 శాతం, అంటే 2 లక్షల షేర్లు, ఒక్కోటి 20 రూపాయలకు ఇస్తామంటున్నారు. బోర్డు ఒప్పుకుంటే 40 లక్షలు వెళ్తాయి. పట్టు ఎలాగూ మన దగ్గరే ఉంది కాబట్టి దీనికి కొత్త గుడ్‌విల్ పుట్టదు. మార్చి 31 అంకెల ప్రకారం మైనారిటీ వాటాలోంచి 35.99 తగ్గుతుంది, మిగతా 4.01 నేరుగా మన ఈక్విటీలోంచి పోతుంది, లాభనష్టాల ఖాతా తాకదు. పై పట్టికల్లో ఇది ఎక్కడా లేదు.