నెల్లూరు వరిసాగు మాటలు: ఆరో అధ్యాయం, సవరించిన ముగింపు

మేడమ్‌కు నమస్కారం.

ఆరో అధ్యాయం మళ్లీ రాసి పంపుతున్నాను. పోయినసారి ఇచ్చిన ప్రతి మీద మీరు పెన్సిల్‌తో ఒకే మాట రాశారు: "ఇది మొదటి అధ్యాయంలోనే చదివాను కదా?" ఇంటికొచ్చి రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నిజమే. పాత ముగింపు ఇలా మొదలైంది:

"భాష సమాజానికి అద్దం. నెల్లూరు జిల్లా వరిసాగుకు పెట్టింది పేరు. పెన్నా కింద సాగయ్యే మాగాణుల్లో రైతులు వాడే పదజాలం ఎంతో సుసంపన్నమైనది. ఆ పదజాలాన్ని సేకరించి, వర్గీకరించి, విశ్లేషించడం ఈ పరిశోధన ఉద్దేశం. యంత్రాల రాకతో ఈ పదాలు మారుతున్నాయి. కనుక వాటిని భద్రపరచాల్సిన అవసరం ఎంతైనా ఉంది."

ఇందులో ఒక్క వాక్యమైనా నేను ఊళ్లు తిరిగొచ్చాకే రాయగలిగింది లేదు. అన్నీ ఇంట్లో కూర్చునే రాయొచ్చు. మొదటి అధ్యాయంలో ఉద్దేశం అని చెప్పింది చివరికి కూడా ఉద్దేశంగానే ఉండిపోయింది, అది ఏమైందో చెప్పలేదు. అందుకే మొత్తం కొట్టేశాను. ఒక్కో అధ్యాయాన్నీ పట్టుకుని, ఇది లేకపోతే మనకేం తెలిసేది కాదు అని అడుక్కుంటూ పోయాను. పనిముట్ల జాబితా ఉన్న మూడో అధ్యాయానికి వచ్చిన జవాబు చాలా చిన్నది. దానికి ముగింపులో రెండు వాక్యాలే మిగిలాయి. పుట్టి అనే ధాన్యపు కొలత గురించిన నాలుగో అధ్యాయానికి మాత్రం చాలా చోటు ఇచ్చాను. పరిమితులు రాసేటప్పుడు, వైవాలో వీటినే పట్టుకుని అడుగుతారేమోనని టెన్షన్ పడ్డాను. కానీ అవి నాకు తెలిసిన లోపాలు. దాచిపెట్టి సంతకం చేయలేను.

ఆరో అధ్యాయం: ముగింపు

పని ఆగిపోతే ఆ పనికి సంబంధించిన మాటలూ పోతాయన్న ఊహతో ఈ పరిశోధన మొదలైంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట మండలాల్లో 41 మందితో మాట్లాడాక ఆ ఊహ సగమే నిలిచింది. కొన్ని మాటలు పనితోపాటే పోయాయి. కొన్ని పని పోయినా అర్థం మార్చుకుని బతికాయి. ఈ రెండో రకాన్ని గుర్తించి, అవి ఎందుకు బతికాయో చూపడమే ఈ సిద్ధాంత గ్రంథం కొత్తగా చేసిన పని.

అన్నిటికన్నా బలమైన ఆధారం 'పుట్టి'. కళ్లంలో ధాన్యాన్ని తూముతో కొలిచిన రోజుల్లో 10 తూములు పందుం, 20 తూములు పుట్టి. అది పాత్రతో కొలిచే కొలత. ఈనాడు ఆ తూము మాకు ఒక్క కళ్లంలోనూ కనిపించలేదు. ధాన్యం మిషన్ నుంచి నేరుగా ట్రాక్టర్‌లోకి పడి కాటాకు పోతోంది. అయినా పుట్టి పోలేదు. ఇప్పుడు నెల్లూరు రైతు నోట పుట్టి అంటే 850 కిలోలు, అంటే తూకం. ప్రభుత్వం క్వింటాలో ధర ప్రకటిస్తుంది, రైతు దాన్ని పుట్టిలోకి మార్చుకుని ఆలోచిస్తాడు. 2024–25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. కోవూరు మండలంలో ఒక పెద్దాయన ముందు ఈ అంకె చెప్పినప్పుడు, "క్వింటా లెక్క నాకు ఎక్కదమ్మా, పుట్టికి ఎంతో చెప్పు" అన్నాడు. నేను కాగితం తీసేలోగా ఆయనే ఎనిమిదిన్నరతో హెచ్చవేసి 19,550 అన్నాడు. కొలపాత్ర పోయినా బేరం ఆ మాట మీదే నడుస్తోంది కాబట్టి పుట్టి నిలబడిందని నాలుగో అధ్యాయం చూపింది.

'తూర్పారబట్టడం' ఇంకో దారిలో బతికింది. గాలి వాటం చూసుకుని చేటతో ధాన్యాన్ని ఎత్తి పోస్తే, గింజ కింద పడి తాలు ఎగిరిపోయే పని అది. కోత మిషన్ వచ్చాక ఆ పని లేదు. మేం కలిసిన డిగ్రీ చదివే కుర్రాళ్లకు ఈ మాట తెలుసు, కానీ గట్టిగా విమర్శించడం అన్న అర్థంలోనే, పత్రికల్లో చదివిన మాటగానే తెలుసు. ఒక ఇంట్లో తాత చేటను పట్టుకునే తీరు చేతులతో చూపిస్తుంటే మనవడు ఆశ్చర్యంగా చూశాడు. కుప్ప నూర్చేటప్పుడు ఎద్దులను వరసగా కట్టి తిప్పే 'బంతి'కి అలాంటి రెండో బతుకు దొరకలేదు. అరవై దాటినవాళ్లు చెబితే తప్ప ఆ అర్థం మాకు వినబడలేదు.

పనిముట్ల పేర్లలో ఊహించినదే జరిగింది, మడకతోపాటు, అంటే నాగలితోపాటు, దాని భాగాల పేర్లూ వాడుక తప్పాయి. నేల మీది మాటలు, అంటే మడిని చెప్పే కయ్య, గట్టును చెప్పే గెనిమ వంటివి, నేల ఉన్నంతకాలం ఉంటాయన్నట్టు చెక్కుచెదరలేదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం రాష్ట్రమంతటి వ్యవసాయ పదాలను చేర్చింది. అంత విస్తృతి ఈ గ్రంథానికి లేదు, దానికి పోటీ కూడా కాదు. ఒకే ప్రాంతంలో, యంత్రాలు వచ్చాక, కొన్ని మాటలకు ఏం జరిగిందో దగ్గరగా చూడడం వరకే దీని పరిధి.

ఇక ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పాలి. మూడు మండలాలూ పెన్నా కాలువల కింద ఉన్నవే. ఉదయగిరి, వింజమూరు వైపు మెట్టలో ఇవే మాటలు ఇలాగే మారాయని ఈ సమాచారంతో చెప్పలేను. 2022 పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి పోయాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. కనుక ఈ గ్రంథం పేరులో ఉన్న 'నెల్లూరు' అన్న మాటను పెన్నా డెల్టాలో మూడు మండలాలు అనే చదువుకోవాలి.

పుట్టి కొలత నుంచి తూకానికి మారిందని చూపాను కానీ ఎప్పుడు మారిందో చూపలేదు. దానికి పాత ధాన్యం చీటీలు, కౌలు పత్రాలు కావాలి, నేను వాటి జోలికి పోలేదు. 'ఎడగారు'లో కారు అంటే పంటకాలమని, ఎడ అంటే నడుమ అని రైతులు చెప్పిన వివరణను ఐదో అధ్యాయంలో ఇచ్చాను. అది వాళ్ల వివరణే, నేను నిరూపించిన వ్యుత్పత్తి కాదు.

సేకరణ పద్ధతిలోనే ఒక లోపం ఉంది. రికార్డర్ పెట్టి "దీన్ని ఏమంటారు?" అని అడిగితే చాలామంది ముందు 'నాగలి' అన్నారు. మాటల్లో పడ్డాక, ఎద్దుల సంగతి వచ్చినప్పుడు, వాళ్ల నోటనే 'మడక' వచ్చింది. అడిగి రాబట్టిన పదాలన్నిటి మీదా పుస్తకభాష నీడ ఉండవచ్చు. పొలంలో పని జరుగుతుండగా విన్నవాటికి అనుబంధంలో నక్షత్రం గుర్తు పెట్టాను. అవి తక్కువే.

అన్నిటికన్నా పెద్ద లోటు ఆడవాళ్ల మాట. 41 మందిలో వాళ్లు ఏడుగురే. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం ఎక్కువగా వాళ్ల చేతుల మీదే నడిచినా, ఆ పనుల మాటలు నాకు ఎక్కువగా మగవాళ్ల నోటే వచ్చాయి. వాళ్లు పొలం నుంచి వచ్చే వేళకు నేను బస్సు ఎక్కేదాన్ని. అందుకే నాట్ల పదజాలం గురించి ఈ గ్రంథం ఏ నిర్ణయమూ చేయడం లేదు. ఆ ఏడుగురి సంభాషణలను సవరించకుండా, వాళ్లు పలికినట్టే, రెండో అనుబంధంలో ఉంచాను.